ఆ రివ్యూని నేనెందుకు వెనక్కి పంపాను

ఈ సంచికకి వచ్చిన రివ్యూల్లో ఒకటి త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మీద. రాసింది సెకండియర్ తమ్ముడు, అవనిగడ్డ వైపు నుంచి వస్తాడు. రివ్యూలు చూసే మా ముగ్గురిలో ఇద్దరు చదవగానే ఓకే అనేశారు. భాష బాగుంది, ఎక్కడా ఆగకుండా చదివిస్తుంది, పైగా మన ప్రాంతపు రచయిత. నేను మాత్రం వెనక్కి పంపుదాం అన్నాను. ‘అసలు తెలుగులో నాలుగు పేజీలు రాసేవాళ్ళే దొరకట్లేదు, వాళ్ళని కూడా తిప్పి పంపిస్తే ఇంక పత్రికలో ఏం వేస్తాం?’ అని నా మీద గట్టిగానే పడ్డారు. ఆ తమ్ముడిని అడిగి, తను సరే అన్నాకే, నేనెందుకు పట్టుబట్టానో ఇక్కడ రాస్తున్నాను. పేరు వద్దన్నాడు కాబట్టి రాయట్లేదు.

నవల చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. సీతారామారావు కలిగిన ఇంట్లో పుట్టాడు. తండ్రి పోతూ పోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోయాడు. ఆ మాట మోస్తూ సీతారామారావు ఆస్తి పోగొట్టుకున్నాడు, తర్వాత మనుషుల్ని, చివరికి తనని తాను పోగొట్టుకున్నాడు. భార్య ఇందిర ఇదంతా భరిస్తుంది. ఊళ్ళో రామయ్య తాత మొహమాటం లేకుండా అతనితో మాట్లాడతాడు, వాదిస్తాడు. నవల చివర అతను చనిపోయేది శ్మశానంలో. జరిగే సంఘటనలు తక్కువే. ఎక్కువ భాగం అతని బుర్రలోనే నడుస్తుంది.

ఇక రివ్యూ. దాన్ని ప్రింట్ తీసి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం రాశాను. పుస్తకంలో ఉన్న విషయం చెప్తే ‘పు’. పుస్తకం బయట నుంచి తెచ్చిన సంగతైతే ‘బ’. రాసినవాడి సొంత మాటైతే ‘నీ’. ఇదేమీ పెద్ద విద్య కాదు, ఎవరైనా చేసుకోవచ్చు. కానీ చేసి చూస్తే రివ్యూ లోపలిది బయటపడుతుంది. ఈ రివ్యూలో మొదటి పేజీ అంతా ‘బ’. గోపీచంద్ 1910లో పుట్టాడు, 1962లో పోయాడు, గుడివాడ దగ్గర అంగలూరు వాళ్ళది, తండ్రి కవిరాజు రామస్వామి చౌదరి, ఇది తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల, దీనికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఇలా. రెండో పేజీ, మూడో పేజీలో సగం కథ. ‘నీ’ అని రాయడానికి నాకు దొరికినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ‘బ’ల్లో ఒకటి తప్పు. అకాడమీ అవార్డు ఈ నవలకి రాలేదు. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కి వచ్చింది, అదీ 1963లో, రచయిత పోయిన తర్వాత. మా ఎడిటర్లలో ఒకడు, ‘అదొక్కటి దిద్దేస్తే అయిపోతుంది కదా’ అన్నాడు. దిద్దేయొచ్చు, రెండు నిమిషాల పని. కానీ ఆ తప్పు ఎలా వచ్చిందో చూడాలి. పుస్తకం చదివినందువల్ల వచ్చిన తప్పు కాదది. ఎక్కడో ఎవరో రాసింది ఎత్తి పెట్టుకుంటే వచ్చిన తప్పు. ‘మొదటి మనోవైజ్ఞానిక నవల’ అన్న మాట కూడా అంతే. అందరూ అంటారు కాబట్టి ఇతనూ అన్నాడు. ఆ మాట వాడుకోవాలంటే, మనసు లోపలి నడకని ఈ నవల ఎలా చూపించిందో ఒక్క చోటైనా పట్టి చూపించాలి. సీతారామారావు ఒక చిన్న విషయం మొదలుపెట్టి, దాన్ని తిప్పి తిప్పి తనకే ఎదురు తెచ్చుకునే సందర్భం ఏదైనా ఒకటి తీసుకుని పేరాడు రాసి ఉంటే, ‘మొదటి’ అన్న మాట అవసరమే ఉండేది కాదు.

అసలు చిక్కు మూడో పేజీ చివర ఉంది. అక్కడ తమ్ముడు రాసిందాని సారం ఇది: సీతారామారావు సోమరి, బాధ్యత లేనివాడు, ఏ పనీ చేతకాక లోకాన్ని తిట్టుకుంటూ బతికాడు, కాబట్టి ప్లేస్‌మెంట్ రాలేదని, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని కూర్చుని ఏడ్చే మన ఫ్రెండ్స్ అందరికీ ఈ నవల ఒక హెచ్చరిక. మిగతా ఇద్దరికీ బాగా నచ్చింది ఈ భాగమే. ‘మన వాళ్ళకి కనెక్ట్ అవుతుంది’ అన్నారు.

కనెక్ట్ అవుతుంది, నిజమే. కానీ నవలకి కాదు. ఈ మాట నవల మీద నిలబడదు. ప్లేస్‌మెంట్ రానివాడికి ఏదో అందలేదు. సీతారామారావుకి అన్నీ అందాయి. పొలం ఉంది, పేరు ఉంది, ఊళ్ళో మర్యాద ఉంది. లేనివాడి కథ కాదిది, ఉన్నవాడి కథ. ఉన్నదాన్ని అతను పోగొట్టుకున్నది పని చేతకాక కాదు, వంశం పేరు నిలబెట్టాలన్న పట్టుదలతో. అంటే మొదట్లో అతను చేస్తున్నది సోమరితనానికి పూర్తిగా వ్యతిరేకం. టైటిల్లో ‘అసమర్థుడు’ అన్న మాట చూసి, దానికి మన క్యాంపస్ అర్థం అంటించి, ఆ అర్థానికి సరిపోయే సంఘటనలు ఏరుకున్నట్టు ఉంది.

ఇది మనందరికీ బాగా తెలిసిన పనే. ల్యాబ్‌లో జవాబు ఎంత రావాలో సీనియర్ రికార్డులో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసి రీడింగులు రాసుకుంటాం. గ్రాఫు గీతలా వస్తుంది, ఒక్క పాయింటు కూడా పక్కకి పోదు. అలా ఏ పాయింటూ పక్కకి పోకపోవడమే సార్‌కి అనుమానం. రివ్యూలో కూడా అంతే. నవలలో రివ్యూ వాదానికి అడ్డొచ్చే సంఘటన ఒక్కటి కూడా కనబడట్లేదంటే, అక్కడ రీడింగులు తీసుకోలేదని అర్థం. సీతారామారావు ఇచ్చిపుచ్చుకున్న రోజుల గురించి ఈ రివ్యూలో ఒక్క వాక్యమే ఉంది. సోమరి అన్న తీర్పుకి అడ్డొచ్చే భాగం సరిగ్గా అదే.

ఇంకో పొరపాటు దీనికంటే లోతైనది. సీతారామారావు లోకం గురించి, బంధువుల గురించి, పెళ్ళి గురించి అనుకునే చేదు మాటల్ని ‘గోపీచంద్ అభిప్రాయం ప్రకారం’ అంటూ రాశాడు తమ్ముడు. నవల ప్రథమ పురుషలో నడుస్తుంది గానీ, కథ చెప్పే గొంతు సీతారామారావు ఆలోచనకి బాగా దగ్గరగా వెళ్తుంది. ఎక్కడ రచయిత ఆగిపోయి ఎక్కడ పాత్ర మొదలైందో చప్పున తెలీదు. అందుకే ఈ నవల మీద రాసేవాళ్ళు ఒక్కో మాట దగ్గర ఆగాలి. ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, దానికి జవాబు ఎవరిచ్చారు? రామయ్య తాత ఉన్నది ఊరికే కాదు. సీతారామారావు ఒకటంటే ఆయన ఇంకొకటి అంటాడు. రచయిత సీతారామారావుతో ఏకీభవిస్తే ఎదురుగా ఆ ముసలాయన్ని నిలబెట్టే పనేముంది? రివ్యూలో రామయ్య తాత పేరు ఒక్కసారి వచ్చింది, అదీ పాత్రల లిస్టులో.

దీని కొనసాగింపుగా, ఈ నవల గోపీచంద్ ఆత్మకథలాంటిదని కూడా రాశాడు. గొప్ప తండ్రి నీడలో కొడుకు నలిగిపోవడం అన్నది తన అనుభవమే అని. తండ్రి కవిరాజు మామూలు మనిషి కాదు. ‘శంబుక వధ’, ‘సూతపురాణం’ రాసి పురాణాల్నే నిలదీసిన మనిషి. కాబట్టి ఆ ఊహ పుట్టడం సహజమే. కానీ పుస్తకం తెరవగానే అంకితం ఉంటుంది. ఎందుకు అని అడగడం తనకి నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ నవలని అంకితమిచ్చాడు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. నవలలో తండ్రి కొడుక్కిచ్చి పోయింది ఒక ఆజ్ఞ. బయట తండ్రి కొడుక్కి నేర్పింది ఒక ప్రశ్న. ఇద్దరూ ఒకరే అనడానికి లేదు, దాదాపు ఒకరికొకరు ఎదురు. ఆత్మకథ అనే వాదం అసలు చేయకూడదని కాదు నేననేది. చేస్తే ఆ అంకితం పేజీకి సమాధానం చెప్పి ముందుకెళ్ళాలి. దాటేసి వెళ్తే ఆ వాదం నిలవదు.

నిజానికి అక్కడే ఇంకా మంచి ప్రశ్న ఉంది. సీతారామారావు కూడా ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉంటాడు. ప్రతిదాన్నీ విప్పి చూస్తాడు, చివరికి చేతిలో ఏమీ మిగలదు. మరి ప్రశ్నించడం నేర్పిన తండ్రికి, ప్రశ్నలతోనే కూలిపోయిన మనిషి కథని కొడుకు ఎందుకు కానుకగా ఇచ్చాడు? నేనింకా దీనికి ఒక పక్క తేల్చుకోలేదు. ఇది మీద పెట్టుకుని ఎవరైనా రివ్యూ రాస్తే నేను చేతులెత్తి వేయిస్తాను.

ఇప్పుడు బ్యాలెన్స్ సంగతి. మా క్లబ్బులో ఈ మాట అంటే నాకు భయం పుట్టే స్థితి వచ్చింది. మూడున్నర పేజీలు పొగిడి, చివర్లో ‘అయితే కొన్ని లోపాలూ లేకపోలేదు’ అని ఒక పేరా పెట్టడం బ్యాలెన్స్ అనుకుంటున్నాం. ఈ రివ్యూలో ఆ లోపాల పేరాలో ఉన్నవి రెండు: అచ్చుతప్పులు ఉన్నాయి, కొన్ని చోట్ల సాగదీసినట్టు ఉంది. ఏ చోట సాగదీశాడో లేదు. అచ్చుతప్పులు రచయితవి కావు. అంటే పొగడ్తకి మూడున్నర పేజీలు ఇచ్చి, విమర్శకి ఇచ్చిన పేరాలో నవల గురించి ఒక్క సంగతి కూడా చెప్పలేదు. దీని కంటే ఆ పేరా లేకపోవడం నయం. ‘నాకు నచ్చింది, ఇందుకు నచ్చింది’ అని ఆపేస్తే కనీసం నిజాయితీగా ఉంటుంది.

నవలలో నిజంగా పట్టుకోదగ్గది ఒకటుంది. కథంతా సీతారామారావు తలలోంచే చూస్తాం కాబట్టి ఇందిర మనకి అతని విసుగులోంచే కనబడుతుంది. ఆమెకి ఏమనిపిస్తోందో అతనికి పట్టదు, నవలకి పట్టిందా? పట్టలేదు అనేది ఒక వాదన. పట్టనట్టు రాయడమే అతని జబ్బుని చూపించే పద్ధతి అనేది రెండో వాదన. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, పుస్తకంలోంచి చెరో సందర్భం చూపించి, తనెటో చెప్తే అది నేను ఒప్పుకునే బ్యాలెన్స్. పొగడ్తకి ఎంత ఆధారం చూపిస్తామో తిట్టుకీ అంత చూపించాలి. పుస్తకం తరఫున బలంగా చెప్పగలిగిన మాటేదో అది ముందు చెప్పి, అప్పుడు దాంతో తగువు పెట్టుకోవాలి. పొగడ్తలూ తిట్లూ సమానంగా ఉన్నాయా అని తూచేవాళ్ళతో నాకు పేచీ లేదు గానీ, ఆ తూకం వల్ల నాకేమీ తెలియదు.

మన దగ్గర బ్యాలెన్స్ తప్పడానికి ఇంకో కారణం ఉంది, మొహమాటం లేకుండా చెప్పుకుందాం. గుడివాడ చుట్టూ కొద్ది దూరంలోనే అటు అంగలూరు, ఇటు నందమూరు ఉన్నాయి. అంగలూరులో రామాయణాన్ని నిలదీసిన కవిరాజు పుడితే, నందమూరులో ‘రామాయణ కల్పవృక్షం’ రాసి 1970 జ్ఞానపీఠ్ తెచ్చిన విశ్వనాథ పుట్టాడు. బందరులో చెళ్ళపిళ్ళ వారి దగ్గర చదువుకున్నదీ ఆ విశ్వనాథే. ఇంత చిన్న చుట్టులో ఇంత ఎదురెదురు మనుషులు పుట్టడం మన అదృష్టం. కానీ మనం ఏం చేస్తున్నాం? రివ్యూ రాసేవాడు ఏ ఊరివాడో, ఏ ఇంటివాడో తెలిస్తే రివ్యూ చదవకుండానే తీర్పు చెప్పేయొచ్చు. పోయిన సంచికలప్పుడు ‘వేయిపడగలు’ మీద రెండు రివ్యూలు వచ్చాయి. ఒకటి కాళ్ళ మీద పడింది, రెండోది కాళ్ళు పట్టి లాగింది. రెండింట్లోనూ ధర్మారావు ఏం చేశాడో సరిగా లేదు. ఈ రివ్యూలో కూడా ‘మన అంగలూరు’ అన్న మాట ఆరు సార్లు ఉంది. ఊరి మీద ప్రేమ తప్పు కాదు. కానీ అది నవలకి సాక్ష్యం కాదు. ఆ ఆరూ కొట్టేసి చదివితే రివ్యూకి ఏ నష్టమూ రాలేదు.

మరి ఇన్ని అన్నాక, ఆ రివ్యూని పక్కన పడేయకుండా వెనక్కి ఎందుకు పంపానంటే, నాలుగో పేజీలో ఒక్క వాక్యం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత వాళ్ళ తాత ఉన్న పొలంలో సగం అమ్మి, దిక్కులేకుండా మిగిలిన చుట్టాల పిల్లలకి పెళ్ళిళ్ళు చేశాడట. ఊళ్ళో అందరూ ధర్మాత్ముడు అంటారట, వాళ్ళ నాన్న మాత్రం ఇప్పటిదాకా ఆ మాట అనలేదట. అంతే. తర్వాతి వాక్యంలో మళ్ళీ ‘ఇలా ఈ నవల మనందరికీ’ అని వెళ్ళిపోయాడు.

నేను పెన్సిల్‌తో ఆ వాక్యం చుట్టూ గీత గీసి, పక్కన ‘నీ’ అని పెద్దగా రాసి, ఇదే నీ రివ్యూ అని చెప్పాను. దివిసీమలో ఉప్పెన గురించి వినని ఇల్లుండదు. కానీ ఒక మనిషి ఇచ్చినదాన్ని ఊరు ఒకలా, కొడుకు ఇంకోలా లెక్కగట్టడం అన్నది ఈ నవలకి నేరుగా తగిలే సంగతి. ఈ పుస్తకం మీద నేను చదివినవాటిలో ఎక్కడా అది చూడలేదు. అయితే అది అక్కడ ఒక జ్ఞాపకంగానే ఉంది, వాదనగా లేదు. వాదన కావాలంటే దాన్ని నవలతో ఢీకొట్టించాలి. మేం ఇద్దరం హాస్టల్ మెట్ల మీద కూర్చుని అదే చేశాం. మీ తాత ఇచ్చింది అవసరం చూసి. ఎదురుగా తల్లీతండ్రీ పోయిన పిల్లలున్నారు. సీతారామారావు ఇచ్చింది పేరు కోసం. ఎదురుగా ఉన్నది ఎవరైనా అతనికి ఒకటే. మరి ఇద్దరి ఇళ్ళల్లో వాళ్ళకీ మిగిలింది వేరువేరా, ఒకటేనా? పొలం పోవడంలో తేడా లేదు కదా? అక్కడ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అన్నా, మా నాన్న కోపం పొలం పోయినందుకు కాదనుకుంటా. ఎవర్నీ అడక్కుండా అమ్మినందుకు’ అన్నాడు.

అది విన్నాక నవలకి వెళ్ళి చూస్తే, సీతారామారావు కూడా ఇందిరతో సలహా పెట్టుకుని ప్రతిష్ఠ నిలబెట్టే మనిషి కాదు. ప్రతిష్ఠ మగవాడి పేరు మీద ఉంటుంది, దాని ఖర్చు ఇల్లంతా కట్టాలి. ఇదిగో ఇప్పుడు తమ్ముడికి సొంత వాదన దొరికింది: ఈ నవల అసమర్థత గురించి కాదు, ఇంట్లో వాళ్ళని అడక్కుండా మోసే పరువు గురించి. ఇది సరైనదా కాదా అన్నది వేరే సంగతి. కానీ ఒకరు అవును, ఒకరు కాదు అనడానికి వీలున్న మాట. ‘అందరూ చదవాల్సిన నవల’ అన్నదాన్ని కాదనడానికి ఎవరికీ వీలుండదు, అందుకే ఆ మాటతో ఎవరికీ పని లేదు.

రెండో డ్రాఫ్ట్ పది రోజులకి వచ్చింది. మొదటి పేజీ ‘బ’ మూడు వాక్యాలకి దిగింది. అవార్డు పోయింది, ప్లేస్‌మెంట్ పోయింది. తాత ముందుకొచ్చాడు. ఇందిర మీద ఒక పేజీ ఉంది. భాష మాత్రం మొదటిదంత నున్నగా లేదు, రెండు చోట్ల వాక్యం మధ్యలో తడబడుతుంది. మా మార్కుల పట్టీలో పదికి నాలుగు మార్కులు భాషా శైలికి, రెండు విషయానికి, మిగతావి ‘ఆకట్టుకునే విధానానికి’ ఉన్నాయి. ఆ లెక్కన చూస్తే రెండో డ్రాఫ్ట్‌కి మొదటిదానికంటే తక్కువ వస్తాయి. నిజంగానే మిగతా ఇద్దరూ తక్కువే వేశారు. ఆ పట్టీ మార్చాలని నేను రాసిచ్చాను. పుస్తకాన్ని సరిగా చదివాడా అన్నదానికి సగం, తన మాట ఉందా, దానికి పుస్తకంలోంచి ఆధారం ఉందా అన్నదానికి మిగతా సగం పెట్టమని అడిగాను. భాషకి విడిగా మార్కులే వద్దన్నాను. అది ఒప్పుకోలేదు, ఒకటిన్నర దగ్గర బేరం నడుస్తోంది.

ఆ రివ్యూ ఈ సంచికలోనే ఉంది, చదవండి. రామయ్య తాత గురించి అందులో రాసింది మాత్రం నేనొప్పుకోను. ఆయన లోకజ్ఞానం ఉన్న మనిషి, నవలకి వెలుగు ఆయనే అంటాడు తమ్ముడు. నాకైతే, కొన్ని చోట్ల గోపీచంద్‌కి సీతారామారావుని ఆపడానికి ఒక గొంతు కావాల్సొచ్చి ఆ ముసలాయన్ని పిలిచి ఉపన్యాసం ఇప్పించినట్టు అనిపిస్తుంది. ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. తను మార్చనన్నాడు, తను చూపించిన రెండు సందర్భాలూ పుస్తకంలో ఉన్నవే. అందుకని అలాగే వేశాం.